సార్‌కి రాసిన రెండో ఉత్తరం

2016 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక, మా కాలేజీలో సీనియర్ ఇంటర్ ప్రీ-ఫైనల్ పరీక్షలు పెట్టారు. ఫిజిక్స్‌లో నాకు 60కి 41 వచ్చాయి. నూటికి 68 అన్నమాట. ఇంటర్ మెమోలో మొత్తం మార్కుల మీద 60 నుంచి 75 శాతం లోపు ఉంటే అప్పట్లో బి గ్రేడ్ వేసేవారు. మా కాలేజీలో ప్రతి సబ్జెక్టుకీ విడిగా అదే లెక్క కట్టి, పేపరు మీద ఎర్ర పెన్నుతో గ్రేడ్ రాసి ఇచ్చేవారు. జూనియర్ ఇంటర్ నుంచీ ఫిజిక్స్ పేపరు మీద నాకు బి తప్ప ఇంకో అక్షరం కనపడలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగానే వచ్చేవి. దీని దగ్గరే ఆగిపోయేదాన్ని.

మా ఇల్లు గాజువాకలో, కాలేజీ ద్వారకానగర్ వైపు. బస్సులో వెళ్ళి రావడానికే రోజుకి రెండున్నర గంటలు పోయేవి. మా ఫిజిక్స్ సార్ చాలా మంచివారు. కానీ ఆయనకి నాలుగు సెక్షన్లు ఉండేవి. క్లాసు అయిపోగానే పది మంది చుట్టూ చేరేవారు. వాళ్ళ మధ్యలో నిలబడి నా సంగతి చెప్పుకోవడం నావల్ల కాలేదు. అందుకే ఉత్తరం రాద్దామనుకున్నాను.

మొదటి ఉత్తరం ఇలా రాశాను: "గౌరవనీయులైన ఫిజిక్స్ సార్ గారికి నమస్కారాలు. నాకు ఎప్పుడూ బి గ్రేడే వస్తోంది సార్. రోజూ రాత్రి పదకొండు వరకూ చదువుతున్నాను. జూనియర్ ఇంటర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాకు చాలా రోజులు కరెంటు లేక బేసిక్స్ దెబ్బతిన్నాయి. ఫిజిక్స్‌లో ఫుల్ మార్కులు రావాలంటే ఏం చెయ్యాలో దయచేసి చెప్పండి."

మర్నాడు సార్ ఆ కాగితం వెనక ఒకటే ప్రశ్న రాసి ఇచ్చారు: "19 మార్కులు పోయాయి. ఎక్కడెక్కడ పోయాయి?"

నాకు చాలా బాధేసింది. సలహా అడిగితే ప్రశ్న వేశారేమిటి అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక అక్కకి చూపించాను. అక్క అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. తను ఉత్తరం రెండుసార్లు చదివి, "ఇందులో సార్ చెయ్యగలిగిన పని ఒక్కటైనా ఉందా? తుఫాను సంగతి నిజమే. కానీ 2014 అక్టోబర్‌లో పోయిన కరెంటు గురించి ఆయన ఇప్పుడేం చేస్తారు? పదకొండు వరకూ చదివావని రాశావు గానీ, పరీక్షలో ఏం రాశావో రాయలేదు కదే" అంది. నాకు కోపం వచ్చింది. కానీ ఆ రాత్రే పేపరు తీసి ముందు పెట్టుకున్నాను.

అప్పటి ఇంటర్ ఫిజిక్స్ పేపరు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సెక్షన్ ఎలో 2 మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. సెక్షన్ బిలో 4 మార్కులవి ఎనిమిది ఇస్తే ఆరు రాయాలి. సెక్షన్ సిలో 8 మార్కులవి మూడు ఇస్తే రెండు రాయాలి. మొత్తం 60, టైము మూడు గంటలు. నాకు ఎలో 14, బిలో 16, సిలో 11 వచ్చాయి.

తెల్లకాగితం మీద మూడు గడులు గీశాను. ఒకటి 'తెలియక పోయినవి', రెండోది 'టైము లేక పోయినవి', మూడోది 'తెలిసి కూడా పోయినవి'. పోయిన ఒక్కో మార్కునీ ఏదో ఒక గడిలో వెయ్యాలి, ఏ మార్కునీ బయట వదలకూడదు అని పెట్టుకున్నాను. మొదటి గడి నిండిపోతుందనుకున్నాను. ఫిజిక్స్ నాకు రాదనే కదా నా నమ్మకం.

తీరా చూస్తే మొదటి గడిలో 4 మార్కులే పడ్డాయి. మాడ్యులేషన్ ఎందుకు అవసరం అన్న ప్రశ్న, మాగ్నెటిక్ డెక్లినేషన్ అంటే ఏమిటి అన్న ప్రశ్న. కమ్యూనికేషన్ సిస్టమ్స్ ఆఖరి పాఠం కదా అని నేను తెరవనే లేదు. రెండో గడిలో ఇంకో 4. సెక్షన్ బిలో ఆరో ప్రశ్న మొదలుపెట్టేలోపే బెల్లు కొట్టేశారు. మిగిలిన 11 మార్కులూ మూడో గడిలోకే వెళ్ళాయి. సెక్షన్ ఎలో 2, బిలో 4, సిలో 5. ఆ కాగితం చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. పదకొండు గంటల దాకా కాదు, తెల్లారే దాకా చదివినా ఆ 11 మార్కులు రావు. అవి నాకు వచ్చిన జవాబులే మరి.

రెండో ఉత్తరం అలా పుట్టింది. దాదాపు ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఇస్తున్నాను.

"సార్, నమస్కారం. మీరు అడిగిన 19 మార్కులూ వెతికాను. 4 తెలియక పోయాయి. ఆ పాఠాలు ఈ ఆదివారం చదువుతాను. 4 టైము లేక పోయాయి. నేను సెక్షన్ సితో మొదలుపెట్టాను. రెండు ప్రశ్నలకే 80 నిమిషాలు అయిపోయాయి. మిగిలిన 11 మార్కుల ప్రశ్నలు నాకు తెలిసినవే, కానీ ఎందుకు పోయాయో కొన్నిచోట్ల అర్థం కావడం లేదు. లెన్స్ పవర్ ప్రశ్నలో యూనిట్ రాయలేదు, అది తెలిసింది. టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ ప్రశ్నకి ఒక పేజీ రాశాను, 4కి 2 వచ్చాయి. క్లోజ్డ్ పైప్ ప్రశ్నకి 8కి 5 వచ్చాయి. ఈ రెండు జవాబులూ జత చేశాను. వీటిలో ఏం లేదో చెప్పగలరా? చూడ్డానికి మీకు పది నిమిషాలు పట్టవచ్చు. మీకు వీలైనప్పుడు స్టాఫ్ రూమ్ దగ్గరికి వస్తాను."

ఉత్తరంలో 'ఫుల్ మార్కులు' అన్న మాటే రాలేదని అప్పుడు నేను గమనించలేదు. తర్వాత సారే చెప్పారు.

లంచ్ టైములో పిలిచారు. ముందు గడుల కాగితం చూశారు. "ఎ గ్రేడ్ కావాలా అమ్మా, 60 కావాలా? ఈ రెండూ వేరే వేరే పనులు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "60లో 75 శాతం 45. నీకు 41 ఉన్నాయి. బెల్లు కొట్టేలోపు ఆ ఆరో ప్రశ్న రాసుంటే గ్రేడ్ మారేది. దానికి గడియారం చూసుకుంటే చాలు. 60 కావాలంటే మాత్రం మూడో గడి ఖాళీ అవ్వాలి. అది రాత అలవాటు. మారడానికి నెల పడుతుంది." చేతిలో ఉన్నది ఆరు వారాలు. మధ్యలో ప్రాక్టికల్స్ కూడా ఉన్నాయి. నేను 60 అన్నాను.

టైము సంగతి అయిదు నిమిషాల్లో తేల్చేశారు. సెక్షన్ ఎకి 30 నిమిషాలు, బికి ఒక్కో ప్రశ్నకి 13 చొప్పున దాదాపు 80, సికి ఒక్కోదానికి 25 చొప్పున 50. మొత్తం 160. మిగిలిన 20 నిమిషాలు వెనక్కి తిరిగి చూసుకోవడానికి. ఏ సెక్షన్‌తో మొదలుపెట్టినా ఫరవాలేదు, ఒక ప్రశ్న తినాల్సిన టైము ఇంకో ప్రశ్న తినకూడదు అన్నారు.

తర్వాత టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ జవాబు తీశారు. నేను ఎండమావుల గురించి సగం పేజీ రాశాను. రోడ్డు మీద నీళ్ళున్నట్టు ఎందుకు కనిపిస్తుందో వివరంగా, ఇష్టంగా రాశాను. సార్ అది చదివి, "బాగుంది. కానీ ప్రశ్న మళ్ళీ చదువు" అన్నారు. ప్రశ్న ఇది: క్రిటికల్ యాంగిల్‌ను నిర్వచించండి, టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్‌ను పటంతో వివరించండి. నా జవాబులో క్రిటికల్ యాంగిల్ నిర్వచనం ఎక్కడా లేదు. అది తెలిసిందే కదా అని దాటేసి లోపలికి వెళ్ళిపోయాను. పటం వేశాను గానీ కిరణాలకి బాణం గుర్తులు లేవు. బాణం లేకపోతే వెలుగు నీళ్ళలోంచి గాలిలోకి వెళ్తోందో, గాలిలోంచి నీళ్ళలోకి వస్తోందో పటం చెప్పదు. ఈ ప్రశ్నకి ప్రాణమే అది. డెన్సర్ మీడియం నుంచి రేరర్‌లోకి వెళ్ళేటప్పుడే ఇది జరుగుతుంది కాబట్టి.

సార్ స్పాట్ వాల్యుయేషన్‌కి చాలా ఏళ్ళుగా వెళ్తున్నారు. నా జవాబు పక్కన ఆయన మార్కులు ఇలా పంచారు: నిర్వచనానికి 1, పటానికి 1, క్రిటికల్ యాంగిల్ కంటే తక్కువ ఉన్నప్పుడు, సమానంగా ఉన్నప్పుడు, ఎక్కువ ఉన్నప్పుడు ఏం జరుగుతుందో వరుసగా చెప్పినందుకు 2. నాకు ఆ చివరి 2 వచ్చాయి. ఎండమావికి ఏమీ లేదు. "పేపరు దిద్దేవాడికి నువ్వు ఎంత తెలివైనదానివో చూసే టైము ఉండదమ్మా. అడిగింది ఉందా లేదా అని చూస్తాడు. అడిగింది ముందు పెట్టు, నీకు ఇష్టమైంది తర్వాత పెట్టు."

క్లోజ్డ్ పైప్ దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చోబెట్టారు. డెరివేషన్ అంతా సరిగ్గానే వచ్చింది. మొదటి హార్మోనిక్ $v/4l$, తర్వాత $3v/4l$, ఆ తర్వాత $5v/4l$, నిష్పత్తి 1:3:5 అని చివర బాక్స్ కూడా కట్టాను. మూడు పటాలూ వేశాను. కానీ నోడ్ ఎక్కడో యాంటీనోడ్ ఎక్కడో గుర్తించలేదు. మూసిన చివర గాలి కదలలేదు కాబట్టి నోడ్, తెరిచిన చివర యాంటీనోడ్. మొత్తం డెరివేషన్ నిలబడేది ఆ ఒక్క మాట మీదే. N, A అన్న ఆ రెండు అక్షరాలు లేకపోతే పటం ఉత్త వంకర గీతే. అక్కడ 1 పోయింది.

మిగతా 2 చిన్న లెక్కలో పోయాయి. పైప్ పొడవు 70 సెంటీమీటర్లు, గాలిలో ధ్వని వేగం సెకనుకి 331 మీటర్లు, ఫండమెంటల్ ఫ్రీక్వెన్సీ ఎంత? నేను 331ని 4×70తో భాగించి 1.18 అని రాసి వదిలేశాను. సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చలేదు. యూనిట్ కూడా లేదు. సార్ కోప్పడలేదు. "మనిషి చెవికి ఎంత నుంచి వినపడుతుంది?" అన్నారు. 20 హెర్ట్జ్ నుంచి అన్నాను. "మరి నీ పైప్ 1.18 దగ్గర మోగుతోంది. దాన్ని ఎవరు వింటారు?"

అప్పటిదాకా జవాబుగా వచ్చిన అంకెని చూసి ఇలా ఆలోచించవచ్చని నాకు తెలియదు. అంకె వస్తే రాసెయ్యడమే. 331ని 4×0.7తో, అంటే 2.8తో భాగిస్తే 118.2 హెర్ట్జ్ వస్తుంది. అది చెవికి వినపడే శబ్దం. లెక్క చేశాక పది సెకన్లు ఆగి, ఇది నిజంగా జరిగే పనేనా అని అడిగితే ఆ 2 మార్కులూ దక్కేవి. ఆ రోజు నుంచి ప్రతి లెక్క చివరా నేను ఆ ప్రశ్న వేసుకునేదాన్ని. ట్రాన్స్‌ఫార్మర్ లెక్కలో వోల్టేజీ పెరిగిందంటే సెకండరీలో చుట్లు కూడా పెరగాలి, తగ్గితే ఎక్కడో తలకిందులు చేశానన్నమాట. ఇలా ప్రతి దానికీ ఏదో ఒక ఆనవాలు దొరికేది.

అక్కడితో సరిపెడతారనుకున్నాను. కానీ సార్ ఒక పద్ధతి పెట్టారు. రోజూ ఇంట్లో ఒక 4 మార్కుల ప్రశ్న, గడియారం పెట్టుకుని 13 నిమిషాల్లో రాయాలి. రాశాక పుస్తకం తెరిచి, నా జవాబుకి నేనే పెన్సిల్‌తో మార్కులు వేసుకోవాలి. ఏ మార్కు దేనికి వేశానో పక్కన రాయాలి. పొద్దున్న స్టాఫ్ రూమ్‌లో ఆయన బల్ల మీద పెట్టాలి. సాయంత్రానికి ఆయన ఎర్ర పెన్నుతో వేసి ఇస్తారు. "నాకు నీ మార్కు ముఖ్యం కాదు. నీ పెన్సిల్‌కీ నా పెన్నుకీ మధ్య తేడా ఎంతో చూద్దాం" అన్నారు.

మొదటి రోజు గాస్ లా రాసి నేను 4 వేసుకున్నాను. సార్ 2 వేశారు. రెండో రోజు డైపోల్ ఆక్సియల్ లైన్ మీద ఎలక్ట్రిక్ ఫీల్డ్, నేను 4, సార్ రెండున్నర. మూడో రోజూ అంతే. ఏడుపొచ్చింది. నా జవాబు నేను చదువుకుంటుంటే కాగితం మీద లేనివి కూడా నాకు కనిపించేవి. ఏ అక్షరం దేనికి పెట్టానో రాయకపోయినా నాకు తెలుసు కదా, అందుకని ఉన్నట్టే అనిపించేది. అది పోవడానికి అక్క ఒక ఉపాయం చెప్పింది. రాత్రి రాసి, మర్నాడు పొద్దున్న బస్సులో మార్కులు వెయ్యమంది. రాత్రి బుర్రలో ఉన్నది పొద్దునకి కాస్త చల్లారుతుంది. గాజువాకలో బస్సెక్కి కూర్చుంటే ఎన్ఏడీ జంక్షన్ వచ్చేలోపు దిద్దడం అయిపోయేది. అప్పుడే 'ఇక్కడ r అంటే ఏ దూరం? చెప్పలేదే' అని నాకు నేనే అనుకోవడం మొదలైంది.

రెండో వారంలో ఇంకో తప్పు చేశాను. సార్ వేసే మార్కుల వరుస పట్టేసి, నిర్వచనం, పటం, మెట్లు, యూనిట్ అని అచ్చు కొట్టినట్టు కంఠతా పట్టాను. తేడా తగ్గింది, సంతోషించాను. ఒకరోజు సార్ ప్రశ్న మార్చి, రెండు చివరలూ తెరిచిన పైప్ గురించి రాయమన్నారు. నేను ఒక చివర నోడ్ పెట్టి పాత డెరివేషనే దింపేశాను. తెరిచిన పైప్‌లో రెండు చివరలా యాంటీనోడే ఉంటుంది. అందుకే అక్కడ నిష్పత్తి 1:2:3 అవుతుంది. సార్ ఆ కాగితం మీద సున్నా వేశారు. కింద "ఎందుకు అన్న మాట నీ జవాబులో ఎన్నిసార్లు ఉంది?" అని రాశారు. ఒక్కసారి కూడా లేదు. అప్పటి నుంచి ప్రతి మెట్టు పక్కనా 'ఎందుకంటే' అని పెట్టి ఒక చిన్న వాక్యం రాశాను. 13 నిమిషాల్లో అంతా పట్టదేమోనని టెన్షన్ పడ్డాను గానీ, ఎండమావుల్లాంటివి తీసేస్తే బోలెడు చోటు మిగిలింది.

మధ్యలో ప్రాక్టికల్స్ రోజులు మాత్రం వదిలేశాను. మొత్తం మీద 24 జవాబులు రాశాను. ఫిబ్రవరి ఆఖరికి పెన్సిల్‌కీ పెన్నుకీ తేడా అరమార్కు దాటేది కాదు. రెండు రోజులు సార్ నాకంటే ఎక్కువే వేశారు. ఇక రోజూ తీసుకురావద్దు, ఇకపై నీ పెన్సిల్ నమ్ముకో అన్నారు.

మార్చిలో పరీక్ష రోజు సెక్షన్ ఎతో మొదలుపెట్టాను. చేతి గడియారం విప్పి బెంచీ మీద పెట్టుకున్నాను. 2 మార్కుల ప్రశ్నల్లో ఎక్కువ వాటిలో రెండు ముక్కలు అడుగుతారు. ఏమిటి, యూనిట్ ఎంత అనో, ఇది ఏమిటి, అది ఏమిటి అనో. క్వశ్చన్ పేపరు మీదే ఆ రెండు ముక్కల కిందా గీతలు గీసి రాశాను. ఒక ప్రశ్న అసలు తట్టలేదు. దాని దగ్గర నిమిషం కంటే ఎక్కువ ఆగలేదు. చివరి 20 నిమిషాలూ మిగిలాయి. వెనక్కి తిరిగి చూస్తే ఒక పటంలో బాణాలు లేవు. ఆరు వారాలు దిద్దుకున్నాక కూడా! వాటిని పెడుతున్నప్పుడు చెయ్యి వణికింది.

ఫలితాలు వచ్చిన రోజు థియరీలో 60కి 57. మెమో పట్టుకుని కాలేజీకి పరిగెత్తాను. స్టాఫ్ రూమ్‌లో సార్ జూనియర్ల పేపర్లు దిద్దుతున్నారు. మెమో చూసి చాలాసేపు నవ్వారు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, "3 ఎక్కడ పోయాయి?" అన్నారు.

"రెండు మార్కుల ప్రశ్న ఒకటి రాయలేదు సార్, అది తెలియక పోయింది. ఇంకొకటి యంగ్స్ ఎక్స్‌పెరిమెంట్‌లో అనుకుంటా. $D$ అంటే స్లిట్ల నుంచి స్క్రీన్‌కి ఉన్న దూరం అని రాశానో లేదో గుర్తు రావడం లేదు" అన్నాను.

"రాసుండవు" అన్నారు సార్. ఇంకో కుర్చీ లాగి కూర్చోమన్నారు.